బొమ్మలో ఇల్లు, పొలంలో ఇల్లు: దిమ్మిస గోడ, సున్నపు పూత



పొలంలో ఇల్లు కట్టుకుందామనుకునేవాళ్లు ఈ మధ్య మేస్త్రీ దగ్గరికి ఒక బొమ్మ పట్టుకెళుతున్నారు. కంప్యూటర్ మీద గీయించిన రంగుల బొమ్మ. అందులో ఎర్రమట్టి గోడలు పొరలు పొరలుగా కనిపిస్తాయి. పక్క గోడలకు తెల్లటి సున్నం ఉంటుంది. కిటికీలు గోడ మందంలో లోతుగా కూర్చుని ఉంటాయి. ముందు వెడల్పాటి పంచ, పంచ నిండా నీడ. చూడగానే మనసు లాగే ఇల్లు. ఆ ఇల్లు నిజంగా కట్టవచ్చు, కట్టినవాళ్లున్నారు, అది దశాబ్దాలు నిలుస్తుంది కూడా. అయితే బొమ్మలో కనిపించే ఆ నాలుగూ అందం కోసం పెట్టినవి కావు. మట్టి గోడకు శత్రువు నీళ్లు, లోపల ఉండే మనిషికి శత్రువు ఎండ. ఈ రెంటినీ గోడ మందం, సున్నపు పూత, కిటికీ లోతు, పంచ కలిసి కాచుకుంటాయి. ఒకదాన్ని తగ్గిస్తే ఆ భారం తక్కినవాటి మీద పడుతుంది. ఈ లెక్క తెలిస్తే బొమ్మను మేస్త్రీ చేతికిచ్చే ముందు ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

మాట తేలిగ్గా అర్థం కావడానికి ఒక గోడ తీసుకుందాం. అనంతపురం దగ్గర ఒక పొలం అనుకోండి. ఇల్లు పడమటి ముఖం. పడమటి గోడ 15 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు, అడుగున్నర మందం. మధ్యలో మూడడుగుల కిటికీ. ఈ ప్రసంగం అంతా ఈ గోడ చుట్టూనే తిరుగుతుంది.

ముందు గోడ సంగతి. మన పల్లెల్లో పాత మట్టి గోడలు చాలావరకు తడి మట్టితో లేచినవే. మట్టిని గుంటలో నానబెట్టి, కాళ్లతో తొక్కి, ముద్దలుగా పేర్చి, ఒక వరుస ఆరాక ఇంకో వరుస పెట్టేవారు. బొమ్మలో కనిపించే గోడ పద్ధతి వేరు. ఇంజనీర్లు దాన్ని రామ్డ్ ఎర్త్ అంటారు. ఇక్కడ మట్టి బురద కాదు, చెమ్మ పట్టిన పొడి మట్టి. రెండు వైపులా బలమైన అచ్చుపలకలు నిలబెట్టి, మధ్యలో ఆరంగుళాల మట్టి పోసి, ఏడెనిమిది కిలోల దిమ్మిసతో కొడతారు. ఆరంగుళాలు నాలుగంగుళాలకు దిగుతుంది. దాని మీద ఇంకో పొర. బొమ్మలోని గీతలు ఆ పొరలే. భూటాన్ పల్లె ఇళ్లు, స్పెయిన్‌లోని అల్హంబ్రా కోట గోడలు ఇలా కొట్టినవే. సిమెంటు కలిపి కొట్టే పద్ధతి మీద మన దేశంలో బెంగళూరు ఐఐఎస్‌సీలోను, ఆరోవిల్‌లోను చాలా పని జరిగింది.

మన 15 అడుగుల గోడకు 27 పొరలు కావాలి. గోడ ఘనం రమారమి 200 ఘనపుటడుగులు. దిమ్మిస కొట్టాక మట్టి మూడింట రెండొంతులకు దిగుతుంది కాబట్టి, వదులు మట్టి 300 ఘనపుటడుగులు తోలాలి. అంటే మూడు ట్రాక్టర్ ట్రాలీలు. గోడ లేచేసరికి దాని బరువు పదకొండు టన్నుల పైమాటే.

ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. నల్లరేగడి అసలు వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలిస్తుంది. పైన అడుగు మందం సారవంతమైన మట్టిని పొలానికే వదిలేసి, దాని కింది ఎర్రమట్టి తీసుకోవాలి. అందులో ఇసుక, సన్న గరుసు కలిపి పదింట ఏడొంతులు, బంక, ఒండ్రు కలిపి మూడొంతులు ఉంటే మంచిది. ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. వెడల్పు మూతి గాజు సీసాలో మూడో వంతు మట్టి, తక్కినది నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి కదపకుండా పెట్టండి. గరుసు, ఇసుక నిమిషంలోనే అడుక్కు చేరతాయి. దాని మీద ఒండ్రు, మర్నాటికి అన్నిటికంటే పైన బంక. స్కేలు పెట్టి కొలిస్తే పాళ్లు తెలిసిపోతాయి. బంక ఎక్కువైతే ఇసుక కలపండి. ఇసుక మరీ ఎక్కువైతే ఇంకో చోట తవ్వి చూడండి.

అసలు కిటుకు మట్టిలో కంటే నీటిలో ఉంది. వంద కిలోల మట్టికి పది కిలోల అటూ ఇటూ నీరు చాలు. దీన్ని తూకంతో కాకుండా చేత్తోనే తేల్చుకోవచ్చు. మట్టిని పిడికిట్లో బిగించి ఉండ చేయండి. భుజం ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. నాలుగైదు ముక్కలైతే నీరు సరిపోయింది. పొడి పొడిగా రాలితే తక్కువైంది. ఉండ చదునుగా అణిగి ఒక్క ముద్దగానే ఉంటే ఎక్కువైంది. నీరు ఎక్కువైన మట్టి దిమ్మిస కింద అణగదు, పక్కకు జరుగుతుంది. ఆరాక గోడ ముడుచుకుని నిలువునా బీట పడుతుంది. ఎండలో కుప్ప పోసిన మట్టి గంటలోనే ఆరిపోతుంది కనుక ఈ ఉండ పరీక్ష పొద్దున ఒక్కసారి చేసి ఊరుకోకూడదు. నీళ్లు కలిపిన ప్రతి కుప్పకూ చేయాలి.

దిమ్మిస కొట్టడం ఎప్పుడు ఆపాలి? చెవి చెబుతుంది. మొదటి దెబ్బలు మెత్తగా, మొద్దుగా వినిపిస్తాయి. మట్టి అణిగేకొద్దీ చప్పుడు గట్టిపడుతుంది, దిమ్మిస చేతిలో కాస్త ఎగురుతుంది. ఆ చప్పుడు పొర పొడవునా ఒకేలా వస్తే ఆ పొర అయిపోయినట్టే. పలకల అంచున, మూలల్లో కూలీలు తేలిగ్గా కొట్టి వదిలేస్తారు. పలకలు విప్పాక తేనెపట్టులా గుల్లగా కనిపించేవి ఆ చోట్లే.

గోడ ఎంత ఎత్తు, ఎంత పొడవు ఉండొచ్చో లెక్క ఉంది. మట్టి కట్టడాలకు భూకంపం నుంచి రక్షణ కోసం రాసిన భారతీయ ప్రమాణం ఐఎస్ 13827 ప్రకారం, ఎత్తు మందానికి ఎనిమిది రెట్లు దాటకూడదు. అడ్డగోడల మధ్య పొడవు పది రెట్లు దాటకూడదు. మన గోడ తొమ్మిదడుగుల ఎత్తు కాబట్టి ఆరు రెట్లే. పొడవు సరిగ్గా పది రెట్లు. అందుకే 15 అడుగులన్నాను. 20 అడుగుల హాలు కావాలంటే మధ్యలో అడ్డగోడో, గోడను ఆనుకుని ఒక ఊతమో కట్టాలి. బొమ్మలో ఆ ఊతం కనిపించదు. అడగాల్సింది మీరే.

ఇక నీళ్లు. మట్టి గోడ పైనుంచి కురిసే వానకంటే కిందినుంచి వచ్చే చెమ్మకు, నేలకు తగిలి చిందే నీటికి ఎక్కువ పాడవుతుంది. కాబట్టి రాతి బేస్‌మట్టం నేలకు కనీసం అడుగున్నర ఎత్తు రావాలి. దాని మీద చెమ్మ పైకి ఎక్కకుండా ఒక అడ్డుపొర వేసి, ఆ పైన మట్టి మొదలుపెట్టాలి. చూరు గోడ దాటి రెండడుగులైనా బయటికి రావాలి. బొమ్మల్లో కొన్నిటికి చూరు అసలు ఉండదు, పెట్టె మూత పెట్టినట్టు గోడ అంచునే కప్పు ఆగిపోతుంది. అలాంటి గోడ వానకు నిలవాలంటే మట్టిలో సిమెంటు కలపాలి, వందకు ఆరు నుంచి ఎనిమిది పాళ్లు. మన పదకొండు టన్నుల గోడకు ఏడు పాళ్ల లెక్కన పదహారు బస్తాలవుతాయి. అదే గోడ ముందు మంచి పంచ ఉంటే, చినుకులు ఎగిరిపడే కింది రెండడుగులకే సిమెంటు కలిపి, పైన ఉత్త మట్టి కొట్టుకోవచ్చు. అప్పుడు నాలుగు బస్తాలు చాలు. పంచ మిగిల్చేది పన్నెండు బస్తాలన్నమాట. అయితే ఈ నిర్ణయం మీ మట్టిని పరీక్ష చేయించిన ఇంజనీరు చెప్పాలి, ఊహతో తీసుకోకూడదు. సిమెంటు కలిపిన మట్టిని మాత్రం కలిపిన గంటలోపే కొట్టేయాలి. తర్వాత మూడు వారాలు తడి గోనెలు కప్పి ఉంచాలి. మర్చిపోతే పెట్టిన సిమెంటు వృథా.

పంచ పని వానతో ఆగదు. పడమటి ఎండను ఆపగలిగేది అదొక్కటే. పంచ ఎనిమిదడుగుల వెడల్పు, చూరు అంచు పంచ నేలకు ఏడడుగుల ఎత్తు అనుకుందాం. మే నెలలో మధ్యాహ్నం మూడున్నర దాకా గోడంతా నీడలోనే ఉంటుంది. నాలుగు దాటాక ఎండ గోడ అడుగున రెండడుగుల లోపే తగులుతుంది. ఐదు దాటేసరికి నాలుగడుగుల ఎత్తుకు ఎక్కుతుంది, కానీ అప్పటికి దాని తీక్షణత తగ్గిపోయి ఉంటుంది. డబ్బు మిగులుతుందని పంచను ఐదడుగులకు కుదిస్తే నాలుగింటికే ఎండ నాలుగడుగుల ఎత్తు దాకా వస్తుంది. ఆ మూడడుగులే తేడా. పంచ కప్పు రేకులైతే అవి కాగి కింద కూర్చున్నవాళ్ల మీదకు వేడి దించుతాయి. పెంకులు మంచివి. పంచ నేలకు బయటివైపు రెండంగుళాల వాలు ఇవ్వండి. లేకపోతే ఏటవాలుగా కొట్టిన జల్లు గోడ అడుగున చేరుతుంది.

ఇప్పుడు కిటికీ. బొమ్మలో అన్ని కిటికీలూ ఒకేలా లోతుగా కనిపిస్తాయి. కట్టేటప్పుడు దిక్కును బట్టి మారాలి. దక్షిణపు గోడకు చట్రాన్ని లోపలికి జరిపి, బయట అడుగు లోతు వదిలారనుకోండి. డిసెంబరు మధ్యాహ్నం ఆ లోతు కిటికీ పైభాగంలో పదిహేనంగుళాలకే నీడ ఇస్తుంది, కింద వెచ్చటి ఎండ గదిలోకి వస్తుంది. ఉగాది నాటికి సూర్యుడు నెత్తి మీదికి ఎక్కుతాడు కనుక అదే అడుగు లోతు నాలుగడుగుల కిటికీనంతా నీడలో పెడుతుంది. మీరు ఏమీ తెరవక్కర్లేదు, మూయక్కర్లేదు. అదే అడుగు లోతు పడమటి గోడకు పెడితే, మే నెల నాలుగింటి ఎండకు ఎనిమిదంగుళాలే నీడ. అందుకే పడమర పంచ తప్పదు. పంచ ఉన్నాక కిటికీకి బయట లోతు అక్కర్లేదు. చట్రాన్ని బయటి అంచుకు బిగించి, గోడ మందమంతా గది లోపలికి రానివ్వండి. లోపలి పక్కల్ని కొంచెం ఏటవాలుగా విప్పారేలా కొట్టి సున్నం వేస్తే, పంచలోంచి వచ్చే మెత్తటి వెలుతురు ఆ తెల్లటి పక్కలకు తగిలి గదిలోకి పరుచుకుంటుంది. కింద కూర్చునేంత అరుగు కూడా మిగులుతుంది.

కిటికీ ఖాళీని గోడ లేచాక తొలిచి తీయకూడదు. పలకల మధ్య గట్టి చెక్కపెట్టె పెట్టి దాని చుట్టూ కొట్టాలి. పైన రాతి దూలమో, కాంక్రీటు దూలమో అటూ ఇటూ గోడ మీద కనీసం అడుగు చొప్పున ఆనాలి. కిటికీ ఖాళీ ఇంటి మూలకు కనీసం నాలుగడుగుల దూరంలో మొదలవాలి. మన గోడలో కిటికీ మధ్యలో ఉంది కాబట్టి రెండు వైపులా ఆరేసి అడుగులు మిగిలాయి. అంచులు సూదిగా వదలకండి. పలక మూలలో ఏటవాలు కర్రపట్టె పెట్టి కొడితే అంచు రెండంగుళాలు మొద్దుబారి వస్తుంది. సూది అంచు ఒక్క మంచం కోడు తగిలితే రాలిపోతుంది.

ఇంకొక్క మాట. బయట లోతు ఉన్న కిటికీ కింద వాన నీరు నిలుస్తుంది. దిమ్మిస గోడ మొదట పాడయ్యేది ఇక్కడే. కడప బండను బయటికి వాలుగా పరిచి, గోడ దాటి రెండంగుళాలు ముందుకు తెచ్చి, దాని అడుగున అంచు వెంట సన్న గాడి కొట్టించండి. నీరు ఆ గాడి దగ్గర తెగి కింద పడుతుంది. గాడి లేకపోతే బండ అడుగునే పాకి గోడలోకి దిగుతుంది. కిటికీ కింద మీసాల్లా ముదురు చారలు కనబడితే గాడి పని చేయడం లేదని అర్థం.

ఇక సున్నం. మట్టి గోడ మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. గోడలోకి ఏదో ఒక దారిన కొంచెం చెమ్మ చేరుతూనే ఉంటుంది, ఎండకు ఆరుతూనే ఉంటుంది. సిమెంటు పొర, ప్లాస్టిక్ పెయింటు ఆ చెమ్మను బయటికి పోనివ్వవు. చెమ్మ పొర వెనక చేరి మట్టిని మెత్తబరుస్తుంది. రెండు మూడు వానాకాలాలకు పొర గోడను వదిలి నిలబడుతుంది. వేలి కణుపుతో కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. ఆ తర్వాత ఒకరోజు మట్టితో సహా పెచ్చు ఊడుతుంది. సున్నపు పూత పలచన, చెమ్మను ఆపదు. వాన చినుకు దెబ్బను తట్టుకుంటుంది, లోపలి తడిని వదిలిపెడుతుంది. పైగా తెల్లగా ఉండటం వల్ల మీద పడిన ఎండలో సగానికి పైగా వెనక్కి కొడుతుంది. అందుకే పంచ నీడలో ఉన్న గోడను పొరలు కనిపించేలా వదిలి, నీడ లేని పక్క గోడలకు సున్నం వేయడం సబబు. బొమ్మ గీసినవారు ఇది తెలిసి గీశారో లేదో గానీ, ఆ రంగుల విభజన సరైనదే.

పూత తయారీ ఇలా. కాల్చిన సున్నపు గడ్డలు కిలోకు ఐదు లీటర్ల నీళ్లు. నీళ్లలోకి గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి గానీ, గడ్డల మీద నీళ్లు గుమ్మరించకూడదు. సున్నం కుతకుతా ఉడికి చిందుతుంది, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కనీసం ఒక పగలూ రాత్రీ నాననిచ్చి, ముతక గుడ్డతో వడగట్టాలి. పది లీటర్ల సున్నపు పాలకు నలభై గ్రాముల జిగురు బంకను వేడినీళ్లలో కరిగించి కలపాలి. చిక్కగా ఉంటే ఒక్క పూతతో అయిపోతుందనే ఆశ వద్దు. చిక్కటి పూత ఆరాక పొలుసులుగా లేస్తుంది. పాలంత పలచగా మూడు నాలుగు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు.

వేసే ముందు గోడను కుంచెతో దులిపి నీళ్లు చిలకరించాలి. పొడి గోడ సున్నంలోని నీటిని ఒక్క గుక్కలో తాగేస్తుంది. సున్నం గట్టిపడటానికి గాలిలోని బొగ్గుపులుసు వాయువు, కొంచెం తడి రెండూ కావాలి. అప్పుడే అది మళ్లీ రాయిగా మారుతుంది. తడి ముందే పోతే పొడిగా మిగులుతుంది. వేసినప్పుడు పూత నీళ్లలా ఉంటుంది, మట్టి రంగు కనిపిస్తూనే ఉంటుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. ఇది తెలియక తడి మీదే మళ్లీ మళ్లీ పూసేవారున్నారు. వారం తర్వాత అరచేత్తో రుద్ది చూడండి. చేతికి కాస్త మసగ్గా అంటితే ఫర్వాలేదు. తెల్లగా పిండిలా వస్తే ఎండలో వేశారన్నమాట. దులిపి, తడిపి, మళ్లీ పలచగా వేయాల్సిందే.

ఈ ఇంటి పరిమితి కూడా చెప్పాలి. అడుగున్నర గోడ పగటి వేడిని లోపలికి చేర్చడానికి పన్నెండు గంటల దాకా తీసుకుంటుంది. మధ్యాహ్నం మింగిన వేడి అర్ధరాత్రి దాటాక గదిలోకి వస్తుంది. అనంతపురంలో రాత్రులు కాస్త చల్లబడతాయి కాబట్టి కిటికీలు తెరిచి పడుకుంటే ఆ వేడి బయటికి పోతుంది. పగలు పదింటికల్లా కిటికీలు మూసేయాలి. రాత్రి కూడా ఉక్క తగ్గని కోస్తా తీరంలో మందపాటి గోడ ఇంత మేలు చేయదు. అక్కడ గోడ మందం తగ్గించి పంచను, ఎదురెదురు కిటికీలను పెంచుకోవడమే దారి. ఎక్కడైనా సరే, కప్పు ఉత్త కాంక్రీటు పలక అయితే వేడి నెత్తి మీద నుంచే దిగుతుంది. గోడలకు పెట్టిన ఖర్చంతా సగం ఫలితమే ఇస్తుంది.

చివరగా పని వరుస. సంక్రాంతి దాటాక బేస్‌మట్టం, మాఘ ఫాల్గుణాల్లో దిమ్మిస పని, మృగశిర కార్తె రాకముందే కప్పు, పంచ పూర్తి కావాలి. కప్పు లేని మట్టి గోడను ఒక్క గట్టి వానకు కూడా వదలకూడదు. రోహిణి కార్తె ఎండల్లో సున్నం జోలికి పోవద్దు. మొదటి వానాకాలం గోడను అలాగే గమనించండి. ఎక్కడ తడుస్తోంది, ఎక్కడ చారలు పడుతున్నాయి, బేస్‌మట్టం పైన ఉప్పు పూస్తోందా అని. తేలిన లోపాలు సరిచేసి, గోడ బాగా ఆరాక, సంక్రాంతికి ముందు మన ఊళ్లలో వెల్ల వేసుకునే ఆ చల్లటి రోజుల్లోనే మొదటి సున్నం వేయించండి. ఆ తర్వాత ఏటా అదే వేళకు ఒక పలచటి పూత వేస్తూ, వేసేటప్పుడు గోడంతా తట్టి చూసుకుంటే చాలు. ఈ ఏటేటి పనికి మీరు సిద్ధమైతేనే దిమ్మిస గోడ కట్టుకోండి.